బహువార్షిక పరిశోధన బడ్జెట్: ధర, వేతనం, పరిధి - కోనసీమ క్షేత్ర పరిశోధన ఆధారంగా

ఉపోద్ఘాతం:

మూడేళ్ల పరిశోధన ప్రాజెక్టుకు బడ్జెట్ తయారుచేసేటప్పుడు మొదటి ఏడాది మొత్తానికి ఏటా 5 శాతం చొప్పున కలుపుకుంటూ పోవడం మన కళాశాలల్లో తరచుగా కనిపించే పద్ధతి. ఖర్చు పెరగడానికి మూడు వేర్వేరు కారణాలున్నాయి. ధరలు పెరుగుతాయి, వేతనాలు మారుతాయి, పని పరిధి విస్తరిస్తుంది. ఈ మూడూ ఒకే తీరున పెరగవు కాబట్టి వీటిని విడివిడిగా లెక్కించే విధానాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పోలవరం అంచనాలు చెప్పేదేమిటి?

గోదావరిపై నిర్మిస్తున్న పోలవరం ప్రాజెక్టు అంచనా వ్యయం 2005-06 ధరల ప్రకారం 10,151 కోట్ల రూపాయలు. 2010-11 ధరల ప్రకారం అది 16,010 కోట్లు, 2017-18 ధరల ప్రకారం 55,548 కోట్లు అయింది. తొలి ఐదేళ్లలో పెరుగుదల సగటున ఏటా సుమారు 9.5 శాతం. తరువాతి ఏడేళ్లలో అది 19 శాతం దాటింది. ధరల పెరుగుదల ఒక్కటే ఇంత తేడాకు కారణం కాజాలదు. 2013 భూసేకరణ చట్టం అమలులోకి రావడంతో భూసేకరణ, పునరావాసాల పద్దు ఒక్కటే 33 వేల కోట్లు దాటింది. అంటే చెల్లించవలసిన బాధ్యతే మారింది. ప్రతి అంచనాకూ ఆధార సంవత్సరాన్ని పేర్కొనడం వల్లనే ఈ తేడాను గుర్తించగలుగుతున్నాం.

వేతనం మెట్లుగా పెరుగుతుంది:

అమలాపురంలోని ఒక కళాశాల కొబ్బరి రైతు కుటుంబాలపై మూడేళ్ల సర్వే చేపట్టిందనుకుందాం. ఇది ఊహాత్మక ఉదాహరణ. 2023 జనవరి నుండి అమలైన రేట్ల ప్రకారం జూనియర్ రీసెర్చ్ ఫెలోకు నెలకు 37,000, సీనియర్ ఫెలోకు 42,000 రూపాయలు. ఇంటి అద్దె భత్యం వేరు. మొదటి రెండేళ్లు ఏటా 4,44,000, మూడో ఏట సీనియర్ ఫెలోగా మారితే 5,04,000 కావాలి. ఏటా 5 శాతం కలిపితే రెండో ఏట 22,200 రూపాయలు మిగులుతాయి, మూడో ఏట 14,490 తక్కువవుతాయి. మూడేళ్ల మొత్తం దాదాపు సరిపోయినట్లే కనిపిస్తుంది. అయితే మిగులును మరుసటి ఏటికి మళ్లించే అనుమతి లేకపోతే ఆ లోటు తీరదు. ఫెలోషిప్ రేట్ల సవరణ కూడా ఏటా జరగదు. జూనియర్ ఫెలోకు 2019 జనవరి నుండి 31,000గా ఉన్న మొత్తం నాలుగేళ్ల తరువాత ఒక్కసారిగా 37,000 అయింది. అందువల్ల ఈ పద్దులో శాతానికి బదులు, నియామక తేదీ నుండి నెలలు లెక్కించి, అమలులో ఉన్న రేటును వేయాలి. ‘సవరణ జరిగితే తదనుగుణంగా’ అనే షరతును ప్రతిపాదనలోనే చేర్చాలి.

ధర, పరిధి - రెండు వరుసలు:

సర్వేలో మొదటి ఏడాది అమలాపురం, కొత్తపేట ప్రాంతాలలో 300 కుటుంబాలు, ఒక్కొక్క దానికి 250 రూపాయలు, వెరసి 75,000 అనుకుందాం. ఈ రేటు ఏటా 5 శాతం పెరిగితే మూడో ఏట 275.63 అవుతుంది. అదే ఏట రాజోలు ప్రాంతం నుండి మరో 100 కుటుంబాలు చేరితే ఖర్చు 1,10,250. అదనపు 35,250లో ధర వల్ల వచ్చినది 7,687.50 మాత్రమే. పరిధి వల్ల వచ్చినది 27,562.50. రెండింటినీ ఒకే వరుసలో వేసి ‘ద్రవ్యోల్బణం’ అని రాస్తే 47 శాతం పెరుగుదలను ఏ నిపుణుల సంఘమూ అంగీకరించదు. పరిమాణాన్ని, ఒక్కో యూనిట్ రేటును విడిగా చూపితే ప్రశ్న ‘ఇంత ధర ఎందుకు?’ అన్నది కాక ‘రాజోలు అవసరమా?’ అన్నదిగా మారుతుంది. దానికి శాస్త్రీయమైన సమాధానం ఇవ్వవచ్చు. కొత్త ప్రాంతంలో లంక గ్రామాలుంటే రేవు దాటే ఖర్చు కూడా ఉంటుంది కనుక పాత రేటునే అక్కడికీ వర్తింపజేయరాదు. జులై, ఆగస్టు నెలల్లో గోదావరి వరదల వల్ల పని వాయిదా పడితే, ఆ ఖర్చును అది నిజంగా జరిగే ఏడాది రేటుతో లెక్కించాలి.

పరిమితి:

నిధులిచ్చే సంస్థ ఏటా ఒకే మొత్తాన్ని ఖరారు చేస్తే లెక్కను తిరగవేసి చూడాలి. మూడో ఏట కూడా 75,000 మాత్రమే వస్తే 272 కుటుంబాలను మించి సర్వే చేయలేం. రాజోలును చేర్చకపోయినా 28 కుటుంబాలు తగ్గుతాయి. ఒకే కుటుంబాలను మూడేళ్లు అనుసరించే అధ్యయనంలో ఈ కోత ఫలితాల విశ్వసనీయతను దెబ్బతీస్తుంది.

ముగింపు:

ప్రతి ఏడాది చివర ఒక్కో పద్దులో రేటు ఎంత మారింది, పరిమాణం ఎంత మారింది అని వేర్వేరుగా సరిచూసుకోవాలి. రేటు అంచనాలోనే ఉండి ఖర్చు మించితే పరిధి పెరిగిందని అర్థం. పరిమాణం మారకుండానే ఖర్చు మించితే మిగిలిన సంవత్సరాల రేటును సవరించాలి. నిధులు పెరగని పక్షంలో నమూనాను ఎంతకు కుదించాలో మొదటి ఏడాదిలోనే నిర్ణయించుకోవడం, మూడో ఏట సర్వే మధ్యలో ఆగిపోవడం కన్నా మేలు.