ఒకే కోణం, రెండు కథలు

చేతికి రెండు, పాదానికి రెండు పట్టీలు అంటించి, వెల్లకిలా పడుకున్న మనిషి ఒంట్లోకి సన్నటి కరెంటు పంపుతారు. అది మనకు తెలియనంత స్వల్పం, మిల్లీ ఆంపియర్ లోపే. దాని వేగం సెకనుకు 50 వేల ఆవృతులు. ఒంట్లోని నీరు, లవణాలు ఆ కరెంటును అడ్డుకునే తీరు రెసిస్టెన్స్. కణాల చుట్టూ ఉన్న పొర ఫ్యాన్‌లోని కెపాసిటర్‌లా కరెంటును కాసేపు పట్టి వదులుతుంది, అది రియాక్టెన్స్. ఈ రెండింటి నిష్పత్తిని కోణంగా మారిస్తే వచ్చేదే ఫేజ్ యాంగిల్. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారిలో ఇది సాధారణంగా 5 నుంచి 7 డిగ్రీలు. ఆడవారిలో కాస్త తక్కువ, వయసుతో తగ్గుతుంది.

బరువు, ఎత్తు లెక్కలతో పనిలేకుండా కణాల స్థితిని చెబుతుంది కనుక పోషకాహార నిపుణులకు ఈ అంకె ఇష్టం. కండ కరిగితే కోణం తగ్గుతుంది. చిక్కేమిటంటే, ఒంటికి నీరు పట్టినా తగ్గుతుంది.

ఉదాహరణకు ఒకే ఎత్తున్న ఇద్దరు మగవారిని ఊహించుకుందాం. మొదటి వ్యక్తి తిండి లేక చిక్కిపోయాడు: రెసిస్టెన్స్ 645 ఓమ్‌లు, రియాక్టెన్స్ 46. రెండో వ్యక్తికి కిడ్నీలు పనిచేయక కాళ్లు వాచాయి: 420, 30. ఇద్దరికీ కోణం 4.1 డిగ్రీలే! తేడా తెలిసేది రెసిస్టెన్స్‌ను చూస్తేనే. కండ తగ్గితే అది పెరుగుతుంది, నీరు చేరితే పడిపోతుంది.

రెండో వ్యక్తికి డయాలసిస్‌లో మూడు లీటర్లు తీశారనుకోండి. రెసిస్టెన్స్ 510కి, రియాక్టెన్స్ 43కి పెరిగితే కోణం 4.8 అవుతుంది. నాలుగు గంటల్లో కండ పెరగదు కదా, పోయింది నీరే. ఇంకో ప్రమాదం ఉంది. యంత్రం కండను లెక్కగట్టేది నీటిని బట్టే. అందుకే వాపు ఉన్నప్పుడు కండ ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. కోణం తగ్గి కండ పెరిగిందని ఒకే కాగితంలో వస్తే ముందు వాపునే అనుమానించాలి.

ఇటలీలోని పాడువాకు చెందిన పిక్కోలి బృందం 1994లో దీనికి దారి చూపింది. రెసిస్టెన్స్‌ను, రియాక్టెన్స్‌ను ఎత్తుతో భాగించి గ్రాఫ్‌పై ఒక బిందువుగా గుర్తిస్తారు. నీరు చేరితే ఆ బాణం పొట్టిదవుతుంది, తగ్గితే పొడుగవుతుంది. అయితే కడుపులో నీరు చేరిన కాలేయ రోగుల్లో ఇదీ సరిగా పట్టివ్వదు. మొండెం లావుగా ఉండటంతో మొత్తం రెసిస్టెన్స్‌లో దాని వాటా చాలా తక్కువ. అంకెల్ని శాసించేవి సన్నటి చేతులు, కాళ్లే.

డయాలసిస్ చేయించుకునేవారు ఈ పరీక్షను ఎప్పుడూ డయాలసిస్ తర్వాత, ఒకే వైపు, ఫిస్టులా లేని చేతికే చేయించుకోండి. రిపోర్టులో కోణంతో పాటు రెసిస్టెన్స్, రియాక్టెన్స్ అంకెలు కూడా రాసి ఇమ్మని అడగండి.