ఊడిన పన్ను పాలలో పడాలి

స్కూలు గ్రౌండులో కబడ్డీ ఆడుతూ తొమ్మిదేళ్ల పిల్లాడు బోర్లా పడ్డాడనుకోండి. పై వరస ముందు పన్ను వేరుతో సహా ఊడి మట్టిలో పడింది. నోటినిండా రక్తం చూసి అందరూ పిల్లాడిని ఎత్తుకుని పరుగెడతారు, పన్ను మాత్రం అక్కడే ఉండిపోతుంది. దాన్ని వెంటనే వెతకండి. అదే పన్నును మళ్లీ అదే చోట నిలబెట్టవచ్చు. పిల్లాడు స్పృహ తప్పినా, వాంతులు చేసుకున్నా మాత్రం తలకు దెబ్బ తగిలిందేమోనని ముందు పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి.

ఊడిన పన్ను వేరు మీద కంటికి సరిగా ఆనని పలచటి పొర ఉంటుంది. పన్నును ఎముకకు పట్టి ఉంచేది అదే. గాలికి ఎండితే అరగంటలో ఆ పొరలోని కణాలు చాలావరకు చచ్చిపోతాయి. గంట దాటితే దాదాపు ఏమీ మిగలవు. అందుకే పన్నును తెల్లగా కనిపించే పైభాగం దగ్గరే పట్టుకోవాలి. మట్టి అంటిందని వేరును గుడ్డతో తుడిచినా, గోటితో గీకినా ఆ పొర ఊడిపోతుంది. పాలతో గానీ, సెలైన్‌తో గానీ ఒక్కసారి కడిగితే చాలు. అవేవీ లేకపోతే కొళాయి నీళ్ల కింద కొద్ది సెకన్లు పట్టండి.

పిల్లాడు ఓర్చుకుంటే అక్కడికక్కడే పన్నును గుంటలో పెట్టేయడం అన్నిటికన్నా మేలు. నున్నటి ముఖం పెదవి వైపు ఉండేలా మెల్లగా నొక్కి, మడిచిన చేతిరుమాలును కొరికి పట్టుకోమనండి. అది పాలపన్ను అయితే మాత్రం ఈ పని చేయకూడదు, కింద ఎదుగుతున్న పన్ను దెబ్బతింటుంది. పై ముందు పళ్లు మామూలుగా ఏడు, ఎనిమిదేళ్లకు వస్తాయి. అంచున చిన్న చిన్న నొక్కులున్న పెద్ద పన్నయితే కొత్తగా వచ్చిందే.

పెట్టడానికి ధైర్యం చాలకపోతే గ్లాసులో చల్లటి పాలు పోసి అందులో వేయండి. ప్యాకెట్ పాలైనా, కాచి చల్లార్చినవైనా సరే, చక్కెర కలపకూడదు. పాలలోని లవణాల గాఢత మన ఒంటి ద్రవాలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి కణాలు కాసేపు బతుకుతాయి. మామూలు నీళ్లలో నానితే అవే కణాలు ఉబ్బి పగిలిపోతాయి. పాలు దొరక్కపోతే పిల్లాడి ఉమ్మే ఒక కప్పులో పట్టి, పన్ను అందులో వేయండి. పన్నుకు పసుపు రాయడం, కాగితంలో చుట్టి జేబులో వేసుకోవడం వద్దు.

డెంటిస్టు ఆ పన్నును పక్క పళ్లతో కలిపి సన్నటి తీగతో రెండు వారాలు కట్టి ఉంచుతారు. టెటనస్ ఇంజెక్షన్ అవసరమేమో చూస్తారు. వేరు కొస పూర్తిగా మూసుకుపోయి ఉంటే రెండు వారాల్లోపు రూట్ కెనాల్ మొదలుపెడతారు. తొమ్మిదేళ్ల వయసులో కొస ఇంకా తెరిచే ఉండవచ్చు. అప్పుడు రక్తప్రసరణ తిరిగి వస్తుందేమోనని కొన్నాళ్లు ఎక్స్‌రేలతో గమనిస్తారు.

ఆలస్యమైతే పన్ను ఎముకకే అతుక్కుపోతుంది. పిల్లాడు ఎదిగేకొద్దీ పక్క పళ్లు కిందికి దిగుతుంటే ఇది మాత్రం అక్కడే ఉండి పొట్టిగా కనిపిస్తుంది. అయినా కొన్నేళ్లపాటు అది ఆ చోట ఎముకను తరిగిపోకుండా కాపాడుతుంది. గంట దాటిపోయినా సరే, పన్నును తీసుకునే డెంటిస్టు దగ్గరకు వెళ్లండి.