ఆరు ఎక్కువసార్లు పడితే పాచికలో మోసమున్నట్టేనా?

ఫోన్‌లో తీసిన ఫొటోలో ఒక పట్టిక ఉందనుకుందాం. పాచికను 120 సార్లు వేసి, ఏ ముఖం ఎన్నిసార్లు పడిందో రాశారు. ఒకటి 15, రెండు 18, మూడు 17, నాలుగు 22, ఆరు 29. అయిదుకు ఎదురుగా ఉన్న అంకె మాత్రం అలుక్కుపోయింది. ఆరు 29 సార్లు పడిందంటే పాచిక మీద అనుమానం రావడం సహజం.

ముందు అలుక్కుపోయిన అంకె సంగతి చూడాలి. కనిపించే అయిదు సంఖ్యలు కలిపితే 101. మొత్తం 120 కాబట్టి మిగిలింది 19. అంకెలన్నీ స్పష్టంగా ఉన్నా ఈ కూడిక తప్పనిసరి. ఫొటోలో 1 ఏడులా, 3 ఎనిమిదిలా కనిపిస్తే మొత్తం కుదరక, పొరపాటు అక్కడే బయటపడుతుంది.

పాచిక సరైనదైతే ఒక్కో ముఖం సగటున 20 సార్లు పడాలి. వచ్చిన సంఖ్యకూ 20కీ ఉన్న తేడాను వర్గం చేసి, 20తో భాగించాలి. ఆరుకు తేడా 9, దాని వర్గం 81, భాగిస్తే 4.05. ఇలాగే ఆరు ముఖాలకూ చేసి కలిపితే 6.2 వస్తుంది. దీన్నే కై-స్క్వేర్ విలువ అంటారు.

ఇది ఎక్కువా, తక్కువా? మొత్తం తెలిస్తే అయిదు సంఖ్యల నుంచి ఆరోది దానంతటదే వస్తుందని ఇందాకే చూశాం. అంటే స్వేచ్ఛగా మారగలిగేవి అయిదే. అందుకే కై-స్క్వేర్ పట్టికలో అయిదో వరుస చూడాలి. అయిదు శాతం స్థాయిలో అక్కడ ఉండే హద్దు 11.07. మన 6.2 దాన్ని దాటలేదు. సరైన పాచికతో ఇలాంటి పట్టికలు వంద తయారుచేసినా, పాతిక పైచిలుకు వాటిలో ఇంత తేడా, లేదా ఇంతకు మించిన తేడా కనిపిస్తుంది. కాబట్టి పాచికను తప్పుపట్టడానికి ఆధారం చాలదు. అలాగని అది సరైనదేనని రుజువైనట్టూ కాదు.

ఇవే పాళ్లు 600 సార్లు వేసినప్పుడు వస్తే కై-స్క్వేర్ అయిదు రెట్లై 31కి చేరుతుంది. అప్పుడు పాచికను నమ్మలేం. అందుకే శాతాలు మాత్రమే ఇచ్చిన పట్టికతో ఈ పరీక్ష చేయకూడదు, అసలు లెక్కలే కావాలి.

ఎన్నిసార్లు వేశారన్నది ఎంత ముఖ్యమో ఇంగ్లండ్ జీవశాస్త్రజ్ఞుడు వెల్డన్ లెక్కలు చూపిస్తాయి. 1894 నాటి ఆ ప్రయోగంలో 12 పాచికలను కలిపి 26,306 సార్లు వేశారు. అయిదు లేదా ఆరు 1,05,224 సార్లు పడాల్సి ఉండగా 1,06,602 సార్లు పడ్డాయి. వందకు అరశాతం కూడా లేని ఈ తేడా ఏ చిన్న పట్టికలోనూ కనిపించేది కాదు. కార్ల్ పియర్సన్ 1900లో కై-స్క్వేర్ పరీక్షను ప్రకటించిన వ్యాసంలో ఈ లెక్కలనే పరీక్షించి, అవి సరైన పాచికల నుంచి వచ్చినట్టు లేవని తేల్చాడు. చుక్కల కోసం తొలిచిన గుంటల వల్ల ఆరు ముఖం వైపు బరువు తగ్గి, అది పైకి తేలుతుందని ఒక వివరణ ఉంది.

ఇంట్లో పాచికను పరీక్షించాలనుకునేవారు ఎన్నిసార్లు వేయాలో ముందే నిర్ణయించుకోవాలి. అనుమానం బలపడగానే మధ్యలో ఆపేస్తే 11.07 అనే హద్దు చెల్లదు.