పద్నాలుగు క్లాసులకు సర్టిఫికెట్ వస్తుందా?

ఇరవై క్లాసుల కుట్టు శిక్షణ ఒకటి ఉందనుకుందాం. 75 శాతం హాజరుంటేనే సర్టిఫికెట్ అని మొదటిరోజే చెప్పారు. అంటే 15 క్లాసులు. వానల వల్ల రెండు క్లాసులు జరగలేదు. ఒకామె 14 క్లాసులకు వచ్చింది. ఆమెకు సర్టిఫికెట్ ఇవ్వాలా?

ఇరవైతో భాగిస్తే ఆమె హాజరు 70 శాతమే. కానీ నిజంగా జరిగినవి 18 క్లాసులు. వాటితో భాగిస్తే దాదాపు 78 శాతం. జరగని క్లాసుకు ఎవరూ రాలేరు కాబట్టి రెండోదే న్యాయమైన లెక్క. 18లో 75 శాతం పదమూడున్నర, అరక్లాసు ఉండదు కనుక పైకి సవరిస్తే 14. ఆమె సరిగ్గా గట్టెక్కింది. కాగితం మీద ఎవరో ఇరవైతోనే భాగించి ఉంటే ఆమెకు అన్యాయం జరిగేది, కారణం కూడా ఎవరికీ కనిపించేది కాదు.

అందుకే ఎక్సెల్ షీట్‌లో మనిషికో వరుస, క్లాసుకో గడి పెట్టి, వస్తే P, రాకపోతే A, క్లాసు జరగకపోతే అందరికీ H అని రాయాలి. గడిని ఖాళీగా వదలకూడదు. ఖాళీ అంటే రాలేదనా, గుర్తు పెట్టడం మరిచారనా అన్నది నెల తర్వాత ఎవరూ చెప్పలేరు. C నుంచి V వరకు ఇరవై గళ్లు ఉంటే, W, X, Y గళ్లలో ఇవి:

```
W2: =COUNTIF(C2:V2,"P")
X2: =20-COUNTIF(C2:V2,"H")
Y2: =IF(W2>=ROUNDUP(X2*0.75,0),"ఇవ్వాలి","వద్దు")
```

ఇక్కడ ఒక చిక్కుంది. P తర్వాత పొరపాటున ఒక ఖాళీ పడితే కంటికి తేడా తెలియదు, COUNTIF మాత్రం దాన్ని లెక్కపెట్టదు. ఒక్క క్లాసు తేడాతో సర్టిఫికెట్ పోతుంది. పట్టుకోవడానికి పక్కన ఇంకో గడి చాలు:

```
Z2: =COUNTIF(C2:V2,"P")+COUNTIF(C2:V2,"A")+COUNTIF(C2:V2,"H")
```

కోర్సు ముగిశాక ఇది 20 రాకపోతే ఆ వరుసలో ఏదో తప్పుంది. జాబితా ఖరారు చేసేముందు సంతకాల రిజిస్టర్‌తో పోల్చి చూడాలి. ఇద్దరు లక్ష్ములుంటే పేరుతో కాదు, చేరినప్పుడు ఇచ్చిన నంబరుతోనే పోల్చాలి.

లెక్కతో తేలని విషయం ఆలస్యంగా చేరినవాళ్లది. నాలుగో క్లాసు నుంచి వచ్చినవాళ్లకు అప్పటినుంచే లెక్కించమని అడుగుతారు. నేను వద్దంటాను. కొలతలు తీసుకోవడం, బట్ట కత్తిరించడం మొదటి మూడు క్లాసుల్లోనే చెబితే, ఆ పని రానివాళ్లకు వచ్చినట్టు పత్రం ఇచ్చినట్టవుతుంది. ఆ పాఠాలకు విడిగా ఇంకో క్లాసు పెట్టి, దానికి వచ్చినవాళ్లకే ఆ గళ్లలో P వేయడం మేలు. ఈ షరతు చేరేరోజే రాసి ఇవ్వాలి.

పద్దెనిమిదిలో 14 కావాలంటే నాలుగు క్లాసులు మానవచ్చు. మూడోసారి రాకపోగానే వాళ్లకు ఫోన్ చేసి, ఇక ఒక్కటే మిగిలిందని చెప్పాలి. చివరిరోజు చెబితే వాళ్లు చేయగలిగేది ఏమీ ఉండదు.