బాదం ఆకుల బేరం

పెరట్లో బాదం చెట్టు ఉన్న ఇంట్లో చలికాలం చివర్లో రోజూ రెండు పూటలా ఊడ్చినా ఆకు తరగదు. కోస్తా పట్టణంలో ఉంటున్న ఒక విశ్రాంత ఉపాధ్యాయుడిది అలాంటి ఇల్లే అనుకుందాం. ఆయన ఏళ్ల తరబడి ఆ ఆకుల్ని పోగేసి నిప్పు పెట్టేవారు. పక్క అపార్ట్‌మెంటులో మిద్దెతోట పెంచుతున్న ఒకావిడ ఒక రోజు గోడ మీదుగా పలకరించింది: "మాస్టారూ, వాటిని తగలబెట్టకండి. నలిపి సంచిలో నింపి ఇస్తే యాభై రూపాయలిస్తాను." ఆయన ముందు నవ్వులాట అనుకున్నారు.

ఆమెకు ఆకు ఎందుకో తెలియాలంటే ఆమె బాల్కనీలోని కంపోస్టు డబ్బా సంగతి తెలియాలి. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, టీ పిప్పి లాంటి తడిచెత్తలో నీరు, నత్రజని ఎక్కువ. అదొక్కటే డబ్బాలో వేస్తే ముద్దకట్టి, లోపలికి గాలి ఆడక కుళ్లుతుంది. వారం తిరగకుండా ముక్కు పగిలే వాసన, అడుగున నల్లటి నీరు, పురుగులు. చెత్తను ఎరువుగా మార్చే సూక్ష్మజీవులకు నత్రజని ఒక పాలు ఉంటే కర్బనం 25 నుంచి 30 పాళ్లు కావాలి. వంటింటి చెత్తలో కర్బనం అంత ఉండదు. ఎండుటాకులో అంతకంటే ఎక్కువే ఉంటుంది. పైగా ఎండుటాకు నీటిని పీల్చుకుంటుంది, ముక్కల మధ్య గాలికి చోటిస్తుంది. అందుకే అపార్ట్‌మెంటుల్లో కంపోస్టు చేసేవాళ్లు కొబ్బరి పొట్టో, రంపపు పొట్టో కొని తెచ్చుకుంటారు. గోడ అవతల కాలిపోతున్నది సరిగ్గా అలాంటి సరుకే.

పుణేలో 2016లో మొదలైన 'బ్రౌన్ లీఫ్' ప్రయత్నం కూడా ఈ లెక్క మీదే నడిచింది. ఆకులు వద్దనుకునేవారిని, ఆకులు కావాలనుకునేవారిని కలపడమే దాని పని. వీధుల్లో, బహిరంగ స్థలాల్లో చెత్తకు నిప్పు పెట్టకూడదని ఘన వ్యర్థాల నియమాలు చెప్పిందీ ఆ ఏడాదే.

అయితే చెట్టు కింద పడిన ఆకును పడినట్టే సంచిలో కుక్కి ఇస్తే రెండోసారి ఎవరూ అడగరు. బాదం ఆకు వెడల్పు, మందం. నలపకుండా వేస్తే విస్తళ్లు పేర్చినట్టు ఒకదానిమీద ఒకటి అతుక్కుని గాలిని అడ్డుకుంటుంది. దాన్ని రెండు మూడు రోజులు గట్టి ఎండలో ఆరబెట్టాలి. గుప్పిట్లో నలిపితే గలగలమని పొడిపొడిగా రాలాలి. మెత్తగా వంగిందంటే తడి ఇంకా ఉన్నట్టే. అలాగే మూట కడితే బూజు పడుతుంది. ఎండిన ఆకును గోనెసంచిలో వేసి కాళ్లతో తొక్కినా చాలు, బొటనవేలి గోరంత ముక్కలవుతుంది. ప్లాస్టిక్ కవర్లు, గాజు పెంకులు, పురుగుమందు కొట్టిన కొమ్మల ఆకులు ముందే ఏరేయాలి. నీలగిరి ఆకు కలపకపోవడం మేలు.

ఇక ఎంత కావాలన్నది. నలుగురున్న ఇంట్లో రోజుకు ఒక కిలో అటూ ఇటూగా తడిచెత్త వస్తుందనుకుంటే, పరిమాణంలో అది సుమారు రెండు లీటర్లు. దానికి రెండు నుంచి నాలుగు లీటర్ల ఆకు పొడి పడుతుంది. బియ్యం సంచిలో ఓ అరవై లీటర్లు పడుతుంది కాబట్టి ఒక సంచి దాదాపు మూడు వారాలు వస్తుంది. పాలు కుదిరిందో లేదో డబ్బాలోని చెత్తను గుప్పిట పిండి చూస్తే తెలుస్తుంది. ఒకటి రెండు చుక్కలు రాలితే సరిపోయింది. నీరు కారితే ఇంకా ఆకు వేయాలి. పొడిగా విడిపోయి నెలలు గడిచినా ఆకు ఆకుగానే ఉంటే కాస్త నీళ్లు, తడిచెత్త కలపాలి.

మాస్టారికి ఆలస్యంగా తెలిసింది మరొకటి ఉంది. మార్చిలో ఆకును ఎవరూ పెద్దగా పట్టించుకోరు. అది ప్రతి వీధిలోనూ ఉచితంగా దొరుకుతుంది. అసలు గిరాకీ వానాకాలంలో. గాలిలో తేమ పెరిగి డబ్బాలన్నీ చిత్తడి అయ్యేది అప్పుడే, పొడి ఆకు దొరకనిదీ అప్పుడే. కాబట్టి అవతలివాళ్లు డబ్బిచ్చేది ఆకుకు కాదనే చెప్పాలి. ఎండబెట్టి, నలిపి, జూలై దాకా తడి తగలకుండా దాచినందుకు. సంచుల్ని నేల మీద కాక ఇటుకల మీద వేసిన చెక్కపై, వానజల్లు కొట్టని మూలన పేర్చాలి.

దీంతో పింఛనుకు మరో పింఛను తోడవుతుందని అనుకోనక్కర్లేదు. ఒక చెట్టు ఆకు నలిపితే ఎంతో తగ్గిపోతుంది, ఇచ్చేది నాలుగైదు ఇళ్లకు మించదు. కొబ్బరి పొట్టు కంటే ధర పెరిగితే కొనేవాళ్లు అటే వెళ్తారు. రాలిన ఆకంతా అమ్మేయడమూ తగదు. చెట్టు మొదలు చుట్టూ జానెడు మందాన కొంత పరిచి ఉంచితే ఎండాకాలంలో నేల తడి ఆరదు, అది కుళ్లి ఆ చెట్టుకే ఎరువవుతుంది.