ముడుచుకున్న చేతుల వెనక శ్రమ

2015 జనవరిలో వార్సాలో కెనడా స్కేటర్ ఒలీవియా ఆలివర్ మంచు మీద నిమిషానికి 342 చుట్ల వేగంతో తిరిగి గిన్నిస్ రికార్డు సాధించింది. అంటే సెకనుకు దాదాపు ఆరు చుట్లు. మామూలుగా స్కేటర్లు చేతులు బారజాపి, ఒక కాలు చాచి తిరగడం మొదలుపెడతారు. తర్వాత చేతులు గుండెలకు హత్తుకుని, కాలు దగ్గరికి తీసుకుంటారు. బయటినుంచి ఎవరూ తోయకపోయినా వేగం ఒక్కసారిగా పెరుగుతుంది.

తిరిగే వస్తువు బరువు ఇరుసుకు ఎంత దూరంలో పరుచుకుని ఉందో చెప్పే కొలత జడత్వ భ్రామకం. దాన్ని తిరిగే వేగంతో హెచ్చవేస్తే వచ్చేది కోణీయ ద్రవ్యవేగం. బయటినుంచి మెలితిప్పే బలం లేనంతవరకు ఈ లబ్ధం మారదు. మంచు రాపిడి చాలా తక్కువ గనక ఆ రెండు మూడు సెకన్లలో దాన్ని పక్కన పెట్టవచ్చు. కాబట్టి జడత్వ భ్రామకం తగ్గితే వేగం పెరిగి తీరాలి.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. చేతులూ కాలూ చాచినప్పుడు జడత్వ భ్రామకం 3.6 కిలోగ్రాం-చదరపు మీటర్లు, వేగం సెకనుకు 2 చుట్లు అనుకుందాం. ముడుచుకున్నాక భ్రామకం 1.2కు, అంటే మూడో వంతుకు దిగింది. వేగం మూడింతలై 6 చుట్లవుతుంది. గతిజ శక్తి మాత్రం వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. అందుకే భ్రామకం తగ్గినా ఆ శక్తి సుమారు 284 జౌళ్ల నుంచి 852 జౌళ్లకు చేరుతుంది. అదీ మూడింతలే.

అదనంగా వచ్చిన 568 జౌళ్లు ఆమె కండరాలు చేసిన పని. తిరుగుతున్న చెయ్యి తిన్నగా బయటికి దూసుకుపోవాలని చూస్తుంది. దాన్ని లోపలికి లాగాలంటే బలం కావాలి. రెండున్నర కిలోల చెయ్యి మధ్యభాగం ఇరుసుకు 40 సెంటీమీటర్ల దూరంలో ఉన్నప్పుడు, దాన్ని పట్టి ఉంచడానికి 16 కిలోల బరువు మోసినంత బలం పడుతుంది. 15 సెంటీమీటర్లకు వచ్చేసరికి, వేగం పెరగడంవల్ల, అది 54 కిలోలవుతుంది. చేతులతోపాటు కాలినీ లాగిన పనంతా కలిపితే, 25 కిలోల బియ్యం బస్తాను రెండు మీటర్లకు పైగా ఎత్తినంత శ్రమ.

ఈ లాగుడు ఇరుసు వైపే ఉంటుంది కాబట్టి కోణీయ ద్రవ్యవేగాన్ని మార్చలేదు. కానీ లోపలికి వస్తున్న చెయ్యి సుడిలా కదులుతుంది. అందువల్ల లాగే బలంలో కొంత చెయ్యి కదిలే దిశలోనే పడి, దాన్ని ముందుకు నెడుతుంది.

గతిజ శక్తే మారకుండా ఉండి ఉంటే, భ్రామకం మూడో వంతుకు తగ్గినప్పుడు వేగం 1.7 రెట్లే పెరిగేది. సెకనుకు 2 చుట్లు మూడున్నర దగ్గర ఆగిపోయేవి. వీడియోను నెమ్మదిగా నడిపి చుట్లు లెక్కపెడితే, ఈ రెండింటిలో ఏది నిజమో తెలిసిపోతుంది.

తిరిగే కుర్చీలో కూర్చుని, రెండు చేతుల్లో చెరో లీటరు నీళ్ల సీసా పట్టుకుని, ఎవరితోనైనా మెల్లగా తిప్పించుకోండి. సీసాలను ఛాతీ దగ్గరికి లాగుతుంటే భుజాలు బిగుసుకుంటాయి. ఆ బిగువే మీ వేగంగా మారుతోంది. మళ్లీ చేతులు చాస్తే వేగం తగ్గుతుంది గానీ, ఖర్చయిన శక్తి కండరాలకు తిరిగి రాదు, వేడిగా పోతుంది. అందుకే నాలుగుసార్లు ముడిచి చాస్తే, కుర్చీ కొత్తగా ఏ వేగమూ అందుకోదు, భుజాలు మాత్రం అలిసిపోతాయి.