జనాజా వేళకు ఊరు చేరేదెలా?

మరణవార్త వినగానే ఇన్నాలిల్లాహ్ చదువుకుని ప్రయాణానికి సిద్ధమవుతాము. టిక్కెట్ల కోసం వెదకడానికి ముందు ఊరికి ఫోన్ చేసి అడగవలసిన ప్రశ్న ఒకటుంది: జనాజా నమాజ్ ఎప్పుడు? ఏ దారిన వెళ్లాలో తేల్చేది ఆ సమయమే.

నాదర్‌గుల్‌లో నివసించే కుటుంబానికి రాయచోటి నుండి ఉదయం 9 గంటలకు కబురు అందిందనుకుందాం. జనాజా అదే రోజు అస్ర్ తరువాత. కర్నూలు, కడపల మీదుగా కారులో వెళితే విరామాలతో కలిపి సుమారు 9 గంటలు పడుతుంది. అంటే సాయంత్రం 6 దాటుతుంది.

విమానంలో తిరుపతికి గంటా పది నిమిషాలు. రేణిగుంటలో దిగి బయటికి రావడానికి అరగంట. అక్కడి నుండి పీలేరు మీదుగా రాయచోటికి కారులో సుమారు 3 గంటలు. మొత్తం 4 గంటల 40 నిమిషాలు. మధ్యాహ్నం 12 గంటల విమానం దొరికితే అస్ర్ వేళకు చేరవచ్చు. అదే విమానం 2 గంటలకు ఉంటే కారుకంటే ముందు చేరేది ఏమీ ఉండదు. కాబట్టి ఇల్లు వదిలిన 4 గంటలలోపు విమానం లేచేటట్లయితేనే ఆ ఖర్చుకు అర్థముంది. కడప విమానాశ్రయం ఇంకా దగ్గరే గాని, అక్కడికి సర్వీసులు తక్కువ. ఆ రోజు ఉన్నదో లేదో ముందు చూసుకోవాలి.

నాదర్‌గుల్ నుండి శంషాబాద్‌కు తుక్కుగూడ వద్ద ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే నగరపు రద్దీ తప్పుతుంది. సాధారణంగా విమానం బయలుదేరడానికి గంట ముందే చెక్ఇన్ మూసివేస్తారు. రేణిగుంటలో కారును విమానం ఎక్కకముందే మాట్లాడుకోవాలి.

ఇంటిల్లిపాదికీ విమాన టిక్కెట్లు కొనడం అందరికీ సాధ్యం కాదు. కొడుకో కూతురో ముందు వెళ్లి, మిగిలినవారు కాచిగూడలో రాత్రి వెంకటాద్రి ఎక్కవచ్చు. వేకువకు కడప చేరితే రాయచోటికి బస్సులో గంటన్నర. జనాజా మరునాడు జుహ్ర్‌కు ఉంటే అందరికీ ఇదే మేలైన దారి. అయితే తత్కాల్ బుకింగ్ ముందురోజే మొదలవుతుంది గనుక ప్రయాణం రోజున అవి మిగిలి ఉంటేనే అక్కరకు వస్తాయి. చార్టు తయారైన తరువాత మిగిలిన బెర్తులను కరెంట్ బుకింగ్‌లో అమ్ముతారు. స్టేషన్ కౌంటర్‌లోనూ, ఆన్‌లైన్‌లోనూ అడగాలి. ఆన్‌లైన్‌లో కొన్న వెయిటింగ్ టిక్కెట్టు చార్టులో ఖరారు కాకపోతే రద్దవుతుంది, దానితో రైలెక్కరాదు. అప్పుడు మిగిలేది జనరల్ టిక్కెట్టు, లేదా రాత్రి బస్సు.

కారులో వెళ్లేటప్పుడు దుఃఖంలో ఉన్నవారిని స్టీరింగ్ పట్టనివ్వరాదు. కడప దాటాక గువ్వలచెరువు ఘాట్ మలుపులు రాత్రివేళ మరీ ప్రమాదకరం.

లెక్క ఎంత వేసినా వేళ మించుతుందని తేలితే, ఊరివారికి ఆ సంగతి వెంటనే చెప్పాలి. ఖననాన్ని త్వరపరచమన్నది దైవప్రవక్త (సల్లం) బోధన. మన కోసం ఆపవద్దని చెప్పి, చేరిన తరువాత సమాధి వద్ద దుఆ చేసుకుందాం.